స్టాఫ్ మీటింగ్ మినిట్స్: నిర్ణయం వేరు, పని వేరు

‘పదో తరగతిలో వెనుకబడిన పిల్లలపై అందరూ ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని చర్చించడమైనది.’ చాలా బడుల మినిట్స్ పుస్తకాల్లో ఇలాంటి వాక్యం కనిపిస్తుంది. శ్రద్ధ ఎవరు పెట్టాలో, ఎప్పటిలోగా పెట్టాలో అందులో లేదు. చర్చనూ నిర్ణయాన్నీ చేయవలసిన పనినీ ఒకే వాక్యంలో కలిపేయడమే దీనిలోని లోపం.

ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నవంబరు 3న స్టాఫ్ మీటింగ్ జరిగిందనుకుందాం. పదో తరగతిలో 12 మందికి లెక్కల్లో 35 మార్కులు రాలేదు. ఉదయం క్లాసు పెడదామని కొందరు, సాయంత్రమే మేలని కొందరు అన్నారు. పక్క ఊళ్ల పిల్లలకు బస్సు సమస్య ఉంటుందని మరొకరు గుర్తుచేశారు. అరగంట సాగిన ఈ మాటలకు మినిట్స్‌లో రెండు వాక్యాలు చాలు. ఎవరు ఏమన్నారో వరసగా రాసుకుంటూ పోతే చివరికి ఏం తేలిందో కనబడదు. తన అభ్యంతరాన్ని నమోదు చేయమని ఎవరైనా కోరితే మాత్రం తప్పక రాయాలి.

నిర్ణయాన్ని విడిగా రాయాలి: ‘నవంబరు 10 నుంచి రోజూ సాయంత్రం 4.30 నుంచి 5.30 వరకు ఆ 12 మందికి లెక్కల ప్రత్యేక తరగతి.’ సమావేశానికి రానివారు చదివినా ఇది అర్థమవుతుంది.

అయితే ఈ నిర్ణయం దానంతటదే అమలు కాదు. దాని కింద పనులు రాయాలి. పిల్లల జాబితా, వారికి రాని పాఠాల వివరం లెక్కల ఉపాధ్యాయుడు 6వ తేదీకల్లా ఇవ్వాలి. తల్లిదండ్రులకు క్లాస్ టీచర్ 8లోగా తెలపాలి. బస్సు వేళ గురించి ఆర్టీసీ డిపోకు ప్రధానోపాధ్యాయులు 5న లేఖ పంపాలి. ప్రతి పనికీ ఒకే బాధ్యుడుండాలి, హోదాతోపాటు పేరూ రాయాలి. ‘లెక్కల టీచర్లు’ అని బహువచనంలో రాస్తే ఒకరు చేస్తారని ఇంకొకరు ఊరుకుంటారు. సమావేశానికి రానివారికి పని అప్పగిస్తే, వారికి చెప్పి ఒప్పుకున్నాకే పేరు ఖాయం చేయాలి.

సాయంత్రం పిల్లలకు చిరుతిండి పెట్టే విషయం డబ్బు దగ్గర ఆగిపోయింది. దాన్ని నిర్ణయాల్లో చేర్చకూడదు, ‘వచ్చే సమావేశానికి వాయిదా’ అనే రాయాలి. తేలని మాటను తేలినట్టు రాయడం పెద్ద తప్పు. తర్వాత తగవులు మొదలయ్యేది అక్కడే.

మీటింగ్ ముగిసేముందు నిర్ణయాలనూ పేర్లనూ తేదీలనూ పైకి చదివి వినిపిస్తే సవరణలు అప్పుడే బయటపడతాయి. ఖాళీ పేజీ మీద ముందుగా సంతకాలు తీసుకుని తర్వాత నింపే అలవాటును మానాలి. ఆ సంతకం హాజరుకే సాక్ష్యం, కింద రాసినదానికి కాదు. వచ్చే సమావేశంలో మొదటి అంశంగా ఈ పనుల పట్టికనే తీసుకోవాలి. ఒక్కో పని ఎదురుగా ‘పూర్తయింది’ అనో, కాకపోతే కారణమూ కొత్త తేదీ అనో రాయాలి.