ఒకే ఫ్లాంజి, అన్ని సైజులు: ఏ కొలతను సూత్రానికి అప్పగించాలి?

రెండు పైపుల్ని బోల్టులతో కలపాలంటే ఒక్కో పైపు చివర ఒక ఫ్లాంజిని వెల్డు చేస్తారు. అదొక మందపాటి ఉక్కు చక్రం. మధ్యలో పైపు పట్టేంత రంధ్రం, అంచు వెంట బోల్టులకు చిన్న రంధ్రాలు ఉంటాయి. 2 అంగుళాల పైపుకైనా 6 అంగుళాల పైపుకైనా దాని రూపం అదే, మారేవి కొలతలే. అయినా చాలా డిజైన్ ఆఫీసుల్లో మొదటి సైజు గీసి, ఆ ఫైలును కాపీ కొట్టి, కొలతలు మార్చి, ఇంకో పేరుతో దాచుకుంటారు. కొన్నాళ్లకు అంచు మీద చిన్న చాంఫర్ చేర్చమని కబురొస్తుంది. అప్పుడు అన్ని ఫైళ్లూ తెరవాలి. వాటిలో ఒకటి మరచిపోతే పాత రూపంతోనే షాపుకు వెళ్లిపోతుంది.

సాలిడ్‌వర్క్స్‌లో ఈ పనిని ఒక్క ఫైలుతోనే చేయవచ్చు. అందుకు మూడు సాధనాలున్నాయి. గ్లోబల్ వేరియబుల్ అంటే మనం పేరు పెట్టుకున్న ఒక విలువ. ఈక్వేషన్ అంటే ఒక కొలతను ఇంకో కొలత నుంచి లెక్కగట్టే సూత్రం. డిజైన్ టేబుల్ అంటే పార్టు లోపల కూర్చునే ఎక్సెల్ పట్టిక, అందులో వరుసకొక సైజు. వీటిని వాడటం ఒక పూటలో వచ్చేస్తుంది. ఏ కొలతను సూత్రానికి ఇవ్వాలి, ఏ కొలతను పట్టికలో ఉంచాలి అన్నది తేల్చుకోవడమే అసలు కష్టం.

అమెరికా ప్రమాణం ఏఎస్‌ఎంఈ బి16.5లోని క్లాస్ 150 ఫ్లాంజిల్నే తీసుకుందాం. 2, 3, 4, 6 అంగుళాల సైజులకు బయటి వ్యాసం వరుసగా 6, 7.5, 9, 11 అంగుళాలు. బోల్టు రంధ్రాల కేంద్రాలన్నీ ఒక ఊహా వలయం మీద ఉంటాయి. షాపులో దాన్ని పీసీడీ అంటారు. దాని వ్యాసం వరుసగా 4.75, 6, 7.5, 9.5.

ఈ అంకెల్ని చూస్తే సూత్రం రాయాలని ఎవరికైనా చేయి దురద పెడుతుంది. 3, 4, 6 అంగుళాల సైజుల్లో పీసీడీ బయటి వ్యాసం కంటే సరిగ్గా 1.5 అంగుళాలు తక్కువ. మూడు సైజులకు కుదిరింది కదా అని "OD - 1.5" అని రాసేస్తే, 2 అంగుళాల ఫ్లాంజికి పీసీడీ 4.5 అని వస్తుంది. ఉండాల్సింది 4.75. స్క్రీన్ మీద ఎర్ర గుర్తు పడదు, బొమ్మ అందంగానే ఉంటుంది. తప్పు బయటపడేది సైటులోనే. ఎదురు ఫ్లాంజి సరైన కొలతతో వచ్చింది కాబట్టి ప్రతి రంధ్రమూ అంగుళంలో ఎనిమిదో వంతు పక్కకు జరిగి ఉంటుంది. రెండు ముప్పావు అంగుళం రంధ్రాలు అంతమేర తప్పితే, రెండింటికీ కలిసొచ్చే సందు 0.625 అంగుళాలు. బోల్టు వ్యాసమూ అంతే. రవ్వంత తేడా ఉన్నా బోల్టు దిగదు. సుత్తితో కొట్టి దింపితే మరలు చెడిపోతాయి.

ఆ 1.5 తేడా ప్రమాణం పెట్టిన నియమం కాదు, మూడు సైజుల్లో అలా కలిసొచ్చిందంతే. 8 అంగుళాల ఫ్లాంజికి బయటి వ్యాసం 13.5, పీసీడీ 11.75. అక్కడ తేడా 1.75కు పెరిగింది. రంధ్రాల సంఖ్యదీ అదే కథ. 3 అంగుళాల వరకు నాలుగే, 4 అంగుళాలకు ఒక్కసారిగా ఎనిమిది. ప్రమాణం సైజు సైజుకూ విడిగా ఇచ్చిన ఇలాంటి అంకెల్ని పట్టికలోకి ఉన్నవున్నట్టు ఎక్కించాలి. వాటికి తెలివిగా సూత్రం కట్టబోవడం దండగ, పైగా ప్రమాదం.

సూత్రానికి ఇవ్వదగ్గవి కొన్ని మిగులుతాయి. ఈ సైజులన్నిటిలోనూ బోల్టు రంధ్రం బోల్టు కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పెద్దది. అది బోల్టు సులువుగా దిగడానికి వదిలిన సందు, దానికో కారణముంది. రెండోది నాకు మరీ ఇష్టమైనది. నిలువు మధ్యరేఖ మీద రంధ్రం పడకూడదు, రేఖకు అటొకటి ఇటొకటి సమదూరంలో ఉండాలన్నది పైపింగులో పాటించే పద్ధతి. వాల్వులు వంకర పోకుండా నిటారుగా కూర్చునేది దానివల్లే. అంటే మొదటి రంధ్రం మధ్యరేఖ నుంచి ఎంత కోణంలో ఉండాలో రంధ్రాల సంఖ్యే చెబుతుంది: నాలుగుంటే 45 డిగ్రీలు, ఎనిమిదుంటే 22.5.

సూత్రాలు రాసేముందు కొలతలకు పేర్లు పెట్టుకోవాలి. D1@Sketch2 అంటే ఏమిటో రేపు మనకే గుర్తుండదు. కొలత మీద నొక్కి పేరును HoleDia అని మార్చుకుంటే సూత్రం చదవగానే అర్థమవుతుంది. తర్వాత Tools మెనూలో Equations తెరిచి ఇలా రాస్తాం:

```
"BoltDia" = 0.625in
"Holes" = 8
"HoleDia@Sketch2" = "BoltDia" + 0.125in
"StartAngle@Sketch2" = 180 / "Holes"
"Count@CirPattern1" = "Holes"
```

అంకె పక్కన in రాయడం చాదస్తం కాదు. యూనిట్ లేని అంకెను సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు యూనిట్‌లోనే చదువుతుంది. మిల్లీమీటర్ల ఫైలులో ఉత్త 0.125 అని రాస్తే బోల్టు చుట్టూ సందే మిగలదు.

ఇక Insert మెనూలో Tables కింద డిజైన్ టేబుల్ పెడతాం. కంప్యూటర్లో ఎక్సెల్ ఉండాలి. పై వరుసలో కొలతల పేర్లు, ఎడమ నిలువు వరుసలో సైజుల పేర్లు:

```
      OD@Sketch1  BC@Sketch2  $VALUE@Holes@equations  $VALUE@BoltDia@equations
2in   6           4.75        4                       0.625
3in   7.5         6           4                       0.625
4in   9           7.5         8                       0.625
6in   11          9.5         8                       0.75
```

రంధ్రం వ్యాసానికి, కోణానికి ఇక్కడ నిలువు వరుసలు లేవని గమనించండి. అవి సూత్రాల పని. ఒక కొలతకు యజమాని ఒక్కరే ఉండాలి. అదే కొలతను పట్టికలోనూ సూత్రంలోనూ పెడితే రెండూ కొట్లాడుకుంటాయి, ఎవరి మాట నెగ్గిందో తెలుసుకోవడానికి పూట పడుతుంది. స్క్రీన్ మీద సూత్రం నడిపే కొలత ముందు ∑ గుర్తు కనిపిస్తుంది. ఏ కొలత ఎవరి చేతిలో ఉందో ఒక చూపులో తెలుసుకోవడానికి నేను మొదట దాన్నే వెతుకుతాను.

అంతకంటే ముందు చూడాల్సింది స్కెచ్. కేంద్రం మూలబిందువుకు కట్టి ఉండాలి, గీతలన్నీ నల్లగా ఉండాలి. నీలం గీత మిగిలిందంటే దాని చోటు ఇంకా తేలలేదని అర్థం. 4 అంగుళాల దగ్గర అది బుద్ధిగానే ఉంటుంది, 2కు మార్చగానే ఎటో పారిపోతుంది. అందుకే అన్నిటికంటే చిన్న సైజును, అన్నిటికంటే పెద్ద సైజును ముందు తెరిచి, Ctrl+Q నొక్కి మొత్తం మళ్లీ కట్టించి చూడాలి. లోపమేదైనా ఉంటే అది ఎక్కువగా ఆ కొసల్లోనే దొరుకుతుంది.

ఎర్ర గుర్తు లేదని అక్కడితో ఆగకూడదు. పీసీడీ తప్పుకు ఎర్ర గుర్తు రాలేదని చూశాం కదా. ప్రతి సైజునూ తెరిచి, కొలిచే సాధనంతో పీసీడీ, రంధ్రం వ్యాసం కొలిచి ప్రమాణం పుస్తకంతో సరిపోల్చాలి. పోల్చాల్సింది మన పట్టికతో కాదు, ఎక్కించేటప్పుడు వేలు జారి ఉంటే ఆ తప్పు పట్టికలోనే ఉంటుంది.

తర్వాత ఎవరైనా 10 అంగుళాల ఫ్లాంజి అడిగారనుకోండి. పట్టికలో ఇంకో వరుస: బయటి వ్యాసం 16, పీసీడీ 14.25, రంధ్రాలు 12, బోల్టు 0.875. రంధ్రం 1 అంగుళం, మొదటి కోణం 15 డిగ్రీలు వాటంతటవే వస్తాయి. మందం, మధ్య రంధ్రం లాంటి మిగతా కొలతలకూ ఇదే వరుసలో నిలువు గళ్లు కావాలి, వాటి అంకెలు కూడా పుస్తకం చూసి ఎక్కించాల్సినవే.