మైలేజీ బాగానే ఉంది, మరి డీజిల్ ఏమైంది?

ఓ ఇంజినీరింగ్ కాలేజీకి పదిహేను బస్సులున్నాయనుకోండి. నెలాఖరుకు పదిహేను లాగ్‌బుక్కులూ అకౌంట్స్ సెక్షన్‌కు వస్తాయి. అక్కడి గుమస్తా సాధారణంగా చూసేది చివరి గడి ఒక్కటే: లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది? ఐదు దాటితే సంతకం పెట్టేస్తాడు, తగ్గితే డ్రైవర్‌ని పిలిపిస్తాడు. ఇలా చూస్తే చాలాసార్లు ఏ పాపం ఎరగనివాడు దొరుకుతాడు, లెక్క తెలిసినవాడు తప్పించుకుంటాడు.

ఎందుకంటే మైలేజీ అనేది విడిగా కొలిచిన అంకె కాదు. తిరిగిన కిలోమీటర్లను పోయించిన లీటర్లతో భాగిస్తే వచ్చేది. ఐదు రావాలని ముందే తెలిసినవాడు బిల్లులో ఉన్న లీటర్లను ఐదుతో గుణించి, వచ్చిన కిలోమీటర్లు రాసుకుంటే సరిపోతుంది. లాగ్‌బుక్ అద్దంలా ఉంటుంది.

ముందు అమాయకుడి సంగతి చూద్దాం. ఒకటో నంబరు బస్సుకి ఫుల్ ట్యాంక్ కొట్టించినప్పుడు మీటర్ రీడింగ్ 84,210. ఆ తర్వాత మూడుసార్లు డీజిల్ పోయించారు. 480 కిలోమీటర్లు తిరిగాక 92 లీటర్లు, ఇంకో 450 తిరిగాక 70, మరో 515 తిరిగాక 118. విడివిడిగా భాగిస్తే 5.2, 6.4, 4.4 వస్తాయి. ఆ 4.4 కంటపడగానే దొంగతనమే అనిపిస్తుంది. కానీ రెండోసారి బంకులో ట్యాంక్ నింపలేదు, చేతిలో ఉన్న డబ్బుకి సరిపడా పోయించారు. ఆ లోటు మూడోసారి ఫుల్ చేసినప్పుడు కలిసొచ్చింది. ఆ రెంటినీ కలిపి చూస్తే 965 కిలోమీటర్లకు 188 లీటర్లు, అంటే 5.1. బస్సూ బాగుంది, మనిషీ బాగున్నాడు. అందుకే లెక్క ఎప్పుడూ ఒక ఫుల్ ట్యాంక్ నుంచి ఇంకో ఫుల్ ట్యాంక్ దాకా చూడాలి. లాగ్‌బుక్‌లో 'ఫుల్' అనో 'కొంత' అనో రాయడానికి ఒక గడి లేకపోతే ఈ పరిశీలన మొదలే కాదు.

ఇప్పుడు ఏడో నంబరు బస్సు. మూడుసార్లూ ఫుల్ ట్యాంకే. 468 కిలోమీటర్లకు 90 లీటర్లు, 494కు 95, 442కు 85. మూడింటికీ సరిగ్గా 5.2. నాకైతే అనుమానం ఇక్కడే మొదలవుతుంది. వానపడ్డ రోజూ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజూ, ఖాళీగా తిరిగొచ్చిన రోజూ కలిసిన వారాల్లో ఏ బస్సూ ప్రతిసారీ దశాంశంతో సహా ఒకే మైలేజీ ఇవ్వదు.

లాగ్‌బుక్ ప్రకారం ఆ నెల తిరిగింది 1,404 కిలోమీటర్లు. రూటు రానూపోనూ 54 కిలోమీటర్లు, కాలేజీ నడిచింది 22 రోజులు. అంటే 1,188. బంకుకీ షెడ్డుకీ తిరిగింది కొంత కలుపుకోవచ్చు. అంతకన్నా గట్టి సాక్ష్యం బస్సులోనే ఉంది. నెల మొదటిరోజూ చివరిరోజూ సూపర్‌వైజర్ స్వయంగా తీసిన మీటర్ ఫోటోల మధ్య తేడా 1,212 కిలోమీటర్లే. పుస్తకంలో 192 ఎక్కువ పడ్డాయి. 5.2 లెక్కన వాటి కింద దాదాపు 37 లీటర్లు దాక్కున్నాయి. ఇలా పుస్తకం మీటర్ని దాటిపోయాక, కొన్నాళ్లకు 'మీటర్ పనిచేయట్లేదు సార్' అన్న మాట వినిపించడం మామూలే. మీటర్ ఎంత త్వరగా బాగుచేయిస్తే అంత మంచిది.

బంకులో కొలత తక్కువేమో అని డ్రైవర్ అనొచ్చు. అదీ అడగాల్సిన ప్రశ్నే. బంకుల్లో తూనికలు కొలతల శాఖ ముద్రవేసిన ఐదు లీటర్ల పాత్ర ఉంటుంది, అడిగితే కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు అనుమతి ఉంది. 270 లీటర్లకు అది లీటరున్నర కూడా కాదు.

ఈ లెక్కతో డీజిల్ పోయిందని తెలుస్తుంది గానీ ఎక్కడ పోయిందో తెలియదు. బిల్లు పెంచి రాయించారా, రాత్రిపూట ట్యాంక్‌లోంచి పైపు పెట్టి లాగారా అన్నది పుస్తకం చెప్పదు. తర్వాతి రెండుమూడు ఫుల్ ట్యాంకులకు ఆఫీసు మనిషిని వెంట పంపి, కిలోమీటర్లు మాత్రం మీటర్ చూసే లెక్కగట్టండి. మైలేజీ ఐదు దాటితే లోటు బిల్లుల్లో ఉన్నట్టు. నాలుగున్నర దగ్గరే ఆగితే బస్సు రాత్రి ఎక్కడ ఉంటుందో చూడాలి. మెకానిక్‌తో ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు కూడా చూపించాలి, ఎందుకంటే ఇంజిన్ కూడా డీజిల్ తాగేస్తుంది. పిల్లల కోసం ఏసీ వేసి గంటసేపు నిలబెట్టే బస్సుకి కిలోమీటర్లు పెరగవు, డీజిల్ మాత్రం ఖర్చవుతుంది. అలాంటి బస్సుని ఏసీ లేని బస్సుతో పోల్చి డ్రైవర్ని నిలదీయడం అన్యాయం. ఏ బస్సుని ఆ బస్సు పాత మైలేజీతోనే పోల్చండి.

ఇదంతా చేయడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. నెల చివరిరోజు బస్సులన్నిటికీ ఫుల్ ట్యాంక్ కొట్టించండి, మీటర్ ఫోటో మాత్రం డ్రైవర్ కాకుండా ఇంకొకరితో తీయించండి.