అంచుల దాకా ఫొటో కావాలంటే అంచు ఎందుకు పోతుంది?

ఫోన్‌లో చూస్తే పెళ్లి గ్రూప్ ఫొటోలో అందరూ నిండుగా ఉంటారు. అదే ఫొటోను ఇంటి ప్రింటర్‌లో, 4×6 కాగితం మీద, తెల్ల అంచు లేకుండా తీస్తే వెనక వరసలో నిలబడ్డ పెదనాన్న తలపాగా తెగిపోతుంది. ప్రింటర్ పాడైందనుకుంటాం. నిజానికి అక్కడ రెండు వేరువేరు కోతలు పడ్డాయి.

మొదటిది ఆకారాల తేడా వల్ల. చాలా ఫోన్లు ఫొటోను 4:3 నిష్పత్తిలో తీస్తాయి. 4×6 కాగితం నిష్పత్తి 3:2. ఆరంగుళాల పొడవూ నిండేలా అడ్డం ఫొటోను పరిస్తే దాని ఎత్తు నాలుగున్నర అంగుళాలవుతుంది, కాగితం ఎత్తేమో నాలుగే. పైన పావు అంగుళం, కింద పావు అంగుళం బయటికి పోతాయి. అంటే ఫొటోలో తొమ్మిదో వంతు పోయినట్టే. ఎంత ఖరీదైన ప్రింటరైనా దీన్ని ఆపలేదు.

రెండో కోత ప్రింటర్ కావాలని పెట్టేది. రోలర్లు లాగిన కాగితం ప్రతిసారీ సరిగ్గా ఒకే చోటికి రాదు. ఫొటోను కచ్చితంగా కాగితమంతే ముద్రిస్తే, కాగితం అర మిల్లీమీటరు జరిగినా ఒక పక్క తెల్లగీత మిగిలిపోతుంది. అందుకే బోర్డర్‌లెస్ ఎంచుకోగానే ఇంక్‌జెట్ ప్రింటర్ ఫొటోను కాస్త పెంచి, కాగితం దాటి కూడా ఇంకు చల్లుతుంది. ఆ ఎక్కువైన ఇంకును లోపలి స్పాంజి పీల్చుకుంటుంది. నాలుగు వైపులా రెండు మూడు మిల్లీమీటర్లు పోవడానికి కారణం ఇదే.

ఏ కోత పడిందో ప్రింటే చెబుతుంది. ఎదురెదురు పక్కలు రెండే బాగా తెగితే అది నిష్పత్తి తేడా. నాలుగు పక్కలా కొద్దికొద్దిగా పోతే ప్రింటర్ పెంచడం. ఒక పక్క తెగి, దాని ఎదురు పక్క తెల్లగా మిగిలితే ట్రేలో కాగితం వంకరగా ఉందేమో, సెట్టింగ్‌లో మరో సైజు ఉందేమో చూడాలి. A6, 4×6 చూపుకు ఒకటే అనిపిస్తాయి గానీ, మొదటిది 105×148 మిల్లీమీటర్లు, రెండోది సుమారు 102×152. ట్రేలో ఏ కాగితం ఉందో సెట్టింగ్‌లోనూ అదే ఉండాలి.

విండోస్‌లో ఫొటోలు ప్రింట్ చేసే కిటికీలో కింద `Fit picture to frame` అని ఉంటుంది. పేరు చూసి ఫొటో అంతా పడుతుందనుకుంటాం. అది టిక్ చేసి ఉంటే జరిగేది తద్విరుద్ధం: ఫొటో కాగితం నిండా పరుచుకుని, మిగిలింది తెగిపోతుంది.

కాబట్టి ముందే ఫొటోను మీరే 3:2కు కత్తిరించుకోండి. ఏది పోవాలో యంత్రం బదులు మీరు నిర్ణయిస్తారు. తలలు, రాసిన పేర్లు అంచుకు కనీసం ఐదు మిల్లీమీటర్లు లోపల ఉండేలా చూసుకోండి. కొన్ని ప్రింటర్ల సెట్టింగ్స్‌లో ఈ పెంపును తగ్గించే స్లైడర్ ఉంటుంది. బాగా తగ్గిస్తే ఒక్కోసారి సన్నటి తెల్లగీత కనిపించవచ్చు. అంచులోని మనిషి ఏమాత్రం తెగకూడదనుకుంటే మాత్రం బోర్డర్‌లెస్ వదిలేసి, టిక్ తీసేసి, తెల్ల అంచుతోనే ప్రింట్ తీయండి.