పీహెచ్‌డీ నుంచి ఫార్మా కంపెనీకి: పరిచయ వాక్యాల్లో థీసిస్‌ను ఎలా చెప్పాలి?

హైదరాబాద్‌లో కెమిస్ట్రీ పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లలో చాలామంది చూపు ఇప్పుడు లెక్చరర్ పోస్టుల మీద కన్నా జీడిమెట్ల, బొల్లారం, జీనోమ్ వ్యాలీ వైపే ఎక్కువగా ఉంటోంది. కంపెనీకి పంపే సీవీ పైభాగంలో గానీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో గానీ నాలుగైదు వాక్యాల పరిచయం ఒకటి ఉంటుంది. ఎక్కువ మంది తడబడేది అక్కడే. అయిదేళ్ల పని చేతిలో ఉన్నా, పరిచయం మాత్రం థీసిస్ అట్ట మీది శీర్షికలాగే ఉంటుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పాతబస్తీకి చెందిన ఒక యువతి ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసింది. ఒక సహజ పదార్థాన్ని తొమ్మిది దశల్లో తయారుచేయడం ఆమె పని. ఆమె మొదట రాసుకున్న పరిచయం ఇలా ఉంది: "అసిమెట్రిక్ సింథసిస్‌లో ఆసక్తి గల పరిశోధకురాలు. అయిదు అంతర్జాతీయ పత్రాలు, మూడు సదస్సుల్లో ప్రసంగాలు. సవాళ్లతో కూడిన ఉద్యోగం కోసం చూస్తున్నాను." ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ప్రాసెస్ డెవలప్‌మెంట్ విభాగంలో మనిషిని వెతుకుతున్న మేనేజర్‌కి ఇది ఏమీ చెప్పదు. ఈ అమ్మాయి ఎంత పరిమాణంలో పనిచేసింది, రియాక్షన్ పాడైతే ఏం చేసింది, ఖర్చు గురించి ఎప్పుడైనా ఆలోచించిందా అన్నవి ఆయనకు కావాల్సిన సంగతులు.

ఇదే ప్రశ్న ఇంట్లో అబ్బా ఇంకా సూటిగా అడుగుతాడు. "బేటా, అయిదేళ్లు ఏం తయారుచేశావ్? ఎంత తయారైంది? ఖర్చెంత?" వ్యాపారం చేసే మనిషి అడిగే ప్రశ్నలు ఇవే. వీటికి జవాబులు థీసిస్ శీర్షికలో దొరకవు, ల్యాబ్ నోట్‌బుక్‌లో దొరుకుతాయి.

ఆమె నోట్‌బుక్‌లో నాలుగో దశ చూద్దాం. మొదట్లో ఆ దశలో వచ్చిన పదార్థాన్ని కాలమ్ క్రొమాటోగ్రఫీతో శుద్ధి చేసేది. 10 గ్రాముల ముడి పదార్థానికి దాదాపు అరకిలో సిలికా, 8 లీటర్ల సాల్వెంట్, ఒక రోజంతా నిలబడి చేసే పని. తర్వాత విసుగొచ్చి ఐసోప్రొపనాల్‌లో క్రిస్టలైజేషన్ ప్రయత్నించింది. 120 మిల్లీలీటర్లలో వేడి చేసి కరిగించి, మెల్లగా చల్లార్చి, వడగట్టడమే. దిగుబడి మాత్రం 82 శాతం నుంచి 74కి తగ్గింది. హెచ్‌పీఎల్‌సీలో చూస్తే స్వచ్ఛత 98.1 నుంచి 99.4 శాతానికి పెరిగింది.

థీసిస్‌లో ఆమె 82 శాతాన్నే పైకి రాసింది. పత్రికల్లో దిగుబడికి ఉన్న విలువ అలాంటిది మరి. క్రిస్టలైజేషన్ సంగతి వెనుక ప్రయోగ వివరాల్లో రెండు లైన్లుగా మిగిలిపోయింది. నిజానికి కంపెనీ దృష్టిలో ఆ రెండు లైన్లే ఆమె పనిలో విలువైన భాగం. కాలమ్ క్రొమాటోగ్రఫీని ప్లాంటులో వీలైనంత వరకు తప్పించుకుంటారు. అంత సిలికా, అంత సాల్వెంట్ పెద్ద పరిమాణంలో వాడటం, తర్వాత వాటిని వదిలించుకోవడం భరించలేని ఖర్చు. ఎనిమిది శాతం దిగుబడి పోయినా, అందులో కొంత వడగట్టిన ద్రవం నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు.

రెండో సంగతి చివరి దశలోది. అక్కడ హెచ్‌పీఎల్‌సీలో 0.6 శాతం తెలియని పీక్ ఒకటి వచ్చేది. ఎల్‌సీ-ఎంఎస్‌లో చూస్తే అసలు పదార్థం కన్నా ద్రవ్యరాశి 16 ఎక్కువ. అంటే ఒక ఆక్సిజన్ అదనంగా చేరిందన్న అనుమానం. ఎన్ఎంఆర్‌తో అది నిజమని తేలింది. ఉష్ణోగ్రత 5 డిగ్రీలు దాటకుండా ఆక్సిడెంట్‌ను మెల్లగా చేర్చితే ఆ పీక్ 0.1 శాతం లోపుకి వచ్చింది. థీసిస్‌లో దీన్ని ఒక చిన్న ఇబ్బందిగా రాసింది. ఫార్మాలో ఇది రోజువారీ పని. ఐసీహెచ్ క్యూ3ఏ మార్గదర్శకం ప్రకారం రోజుకు 2 గ్రాముల లోపు మోతాదు ఉండే మందు పదార్థంలో ఏదైనా మలినం 0.10 శాతం, లేదా రోజుకు 1 మిల్లీగ్రాము, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది దాటితే దాని నిర్మాణం ఏమిటో తేల్చాలి. ఆమెకు ఈ నియమం అప్పట్లో తెలియకపోవచ్చు, చేసిన పని మాత్రం అదే తరహా పని.

ఇప్పుడు పరిచయాన్ని తిరిగి రాస్తే ఇలా వస్తుంది. అసలుది ఇంగ్లీషులోనే ఉంటుంది, ఇక్కడ దాని సారం:

"ఆర్గానిక్ కెమిస్ట్‌ని, ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో పని కోసం చూస్తున్నాను. పీహెచ్‌డీలో తొమ్మిది దశల సింథసిస్ రూపొందించాను. నాలుగో దశ వరకు 25 గ్రాముల బ్యాచ్‌లు మూడుసార్లు నడిపాను. ఆ దశలో కాలమ్‌ను తీసేసి క్రిస్టలైజేషన్ పెట్టాను; 10 గ్రాములకు 8 లీటర్ల సాల్వెంట్ 120 మిల్లీలీటర్లకు తగ్గింది, స్వచ్ఛత 99.4 శాతానికి చేరింది. చివరి దశలో 0.6 శాతం మలినాన్ని గుర్తించి, కారణం కనుక్కుని 0.1 శాతం లోపుకి తెచ్చాను. జీఎంపీ వాతావరణంలో ఇంకా పనిచేయలేదు."

పత్రాల సంఖ్య పోలేదు, సీవీ కిందిభాగానికి వెళ్లింది. చివరి వాక్యం ఎందుకని కొందరు అడగొచ్చు. ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే ఆ విషయం ఎలాగూ బయటపడుతుంది. ముందే చెప్పినవాళ్ల మిగతా అంకెలను కూడా నమ్ముతారు.

అంకెల విషయంలోనే ఎక్కువ మంది జారిపడతారు. 10 గ్రాములకు 8 లీటర్లంటే కిలోకు 800 లీటర్లని లెక్కకట్టి "కిలో స్థాయిలో సాల్వెంట్ ఆదా చేశాను" అని రాయాలనిపిస్తుంది. ఆమె ఎప్పుడూ కిలో చేయలేదు. ప్లాంటులో పనిచేసిన మనిషి ఎదురుగా కూర్చుంటే "పెద్ద పాత్రలో చల్లార్చే వేగం ఎంత పెట్టావు, స్ఫటికాలు వడగట్టడానికి ఎంతసేపు పట్టింది?" అని అడుగుతాడు. జవాబు ఉండదు. 25 గ్రాముల పనికి "స్కేల్-అప్" అన్న మాట కూడా వాడకపోవడమే మంచిది. పరిమాణం రాస్తే చాలు, చదివేవాళ్లకు అర్థమవుతుంది.

"మేము" అని రాయడం ఇంకో ఇబ్బంది. పరిశోధన పత్రాల్లో అందరూ అలాగే రాస్తారు కాబట్టి అలవాటైపోతుంది. పరిచయంలో మాత్రం తను స్వయంగా చేసిందేదో, సహచరులు చేసిందేదో వేరుగా తెలియాలి. ఎన్ఎంఆర్‌ను వేరే సెంటర్‌లో తీయిస్తే "స్పెక్ట్రా విశ్లేషించాను" అనాలి, "పరికరం నడిపాను" అనకూడదు.

పరిచయం సరిగ్గా కుదరలేదని వచ్చే ఫోన్లే చెబుతాయి. ప్రాసెస్ ఉద్యోగం కోరుకుంటే అన్నీ టీచింగ్, కంటెంట్ రైటింగ్ పిలుపులే వస్తుంటే మొదటి వాక్యం మార్చాలి. అదే అమ్మాయి అనలిటికల్ విభాగానికి దరఖాస్తు చేస్తే మలినం కథ ముందుకు రావాలి, క్రిస్టలైజేషన్ వెనక్కి వెళ్లాలి. పేటెంట్ ఆఫీసు పనికైతే సాహిత్య సర్వే, పాత పద్ధతులతో పోలిక ముందుంటాయి.

పంపే ముందు గైడ్‌తో ఒకసారి మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. పని మీద పేటెంట్ దరఖాస్తు నడుస్తున్నా, ఏదైనా కంపెనీ డబ్బుతో ప్రాజెక్టు జరిగినా, ఇంకా ప్రచురించని నిర్మాణాలు, పరిస్థితులు పరిచయంలో బయటపెట్టకూడదు. అలాంటప్పుడు "ఒక ఆక్సిడేషన్ దశలో" అని చెప్పి, పదార్థం పేరు వదిలేస్తే సరిపోతుంది. వైవా ఇంకా కాకపోతే పేరు ముందు డాక్టర్ అని పెట్టకుండా "థీసిస్ సమర్పించాను, వైవా జరగాలి" అని నెలతో సహా రాయాలి. చేరే రోజున హెచ్ఆర్ ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగితే తేదీలు కలవాలి కదా.