దొంగ పేజీకి దొరకని తాళంచెవి

2022 జులై 20న అమెరికా కంపెనీ క్లౌడ్‌ఫ్లేర్ ఉద్యోగుల ఫోన్లకు ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. నిమిషం తిరగకముందే కనీసం 76 మందికి అందింది. కొందరి ఇంట్లోవాళ్లకూ వచ్చింది. మీ డ్యూటీ షెడ్యూలు మారింది, ఈ లింకు నొక్కి చూసుకోండి అని దాని సారాంశం. లింకు `cloudflare-okta.com`. అందులో కంపెనీ పేరు ఉంది, ఉద్యోగులు రోజూ లాగిన్ కావడానికి వాడే ఆక్టా పేరూ ఉంది. ఆ చిరునామాను నలభై నిమిషాలు కూడా కాకముందే ఎవరో కొత్తగా కొన్నారన్న సంగతి చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

లింకు నొక్కితే తెరుచుకున్న పేజీ అచ్చం అసలు లాగిన్ పేజీలా ఉంది. ముగ్గురు ఉద్యోగులు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టేశారు. వాళ్లు కంప్యూటర్ రానివాళ్లు కాదు, ఇంటర్నెట్ భద్రతే వ్యాపారంగా ఉన్న కంపెనీలో పనిచేసేవాళ్లు. కొట్టిన పాస్‌వర్డ్ క్షణాల్లో టెలిగ్రామ్ ద్వారా మోసగాడికి చేరేలా ఆ పేజీని తయారుచేశారు. అతను దాన్ని వెంటనే అసలు సైటులో కొడతాడు. అసలు సైటు ఓటీపీ అడిగితే దొంగ పేజీ కూడా ఓటీపీ అడుగుతుంది. బాధితుడు దాన్నీ కొట్టేస్తే లోపలికి దారి దొరికినట్టే.

కానీ క్లౌడ్‌ఫ్లేర్‌లో ఆ దారి దొరకలేదు. పాస్‌వర్డులు చేతికొచ్చినా మోసగాళ్లు లోపలికి పోలేకపోయారు. దాదాపు అదే కాలంలో, ఇలాంటి ఎస్సెమ్మెస్‌లతోనే ట్విలియో అనే మరో పెద్ద కంపెనీలోకి మాత్రం చొరబడ్డారు. కొందరు ఖాతాదారుల వివరాలు వాళ్ల కంటబడ్డాయి. క్లౌడ్‌ఫ్లేర్‌ను కాపాడింది ఉద్యోగుల జాగ్రత్త కాదు. ముగ్గురు ఎలాగూ పడిపోయారు. అక్కడ ప్రతి ఉద్యోగి దగ్గరా యూఎస్‌బీ డ్రైవ్‌లా కనిపించే ఒక చిన్న సెక్యూరిటీ కీ ఉంటుంది. లాగిన్ కావాలంటే పాస్‌వర్డుతో పాటు అదీ ఉండాలి. ఓటీపీలా చదివి ఇంకొకరికి చెప్పడానికి అందులో అంకెలేవీ కనిపించవు.

ఆ చిన్న కీలో ఉన్న విద్యనే ఇప్పుడు మామూలు ఫోనులోకి, ల్యాప్‌టాప్‌లోకి తెచ్చారు. దాని పేరే పాస్‌కీ. దీని వెనకున్న ప్రమాణాలను ఫైడో అలయన్స్ అనే కంపెనీల కూటమి, వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ కలిసి తయారుచేశాయి. 2022 మేలో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ మూడూ ఒకే రోజు దీనికి మద్దతు ప్రకటించాయి. వ్యాపారంలో ఎప్పుడూ పోటీపడే ఈ మూడూ ఒకే మాట మీదికి రావడం అరుదు. పాస్‌వర్డుల తలనొప్పి ముగ్గురికీ ఉన్నదే కదా.

పాస్‌కీ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే బ్యాంకులో ఇచ్చే నమూనా సంతకాన్ని గుర్తుచేసుకుంటే చాలు. ఖాతా తెరిచినప్పుడు సంతకం చేసిన కార్డు బ్యాంకు దగ్గర ఉంటుంది. తర్వాత చెక్కు వస్తే కార్డుతో పోల్చి చూస్తారు. అయితే ఆ కార్డు దొంగ చేతిలో పడితే చూసి సంతకం నేర్చుకోగలడు. గణితం ఈ లోపాన్ని తీర్చింది. పాస్‌కీ పెట్టుకున్నప్పుడు ఫోను జంటగా రెండు పెద్ద సంఖ్యలు తయారుచేస్తుంది. ఒకటి రహస్యం, యజమాని అధీనంలోనే ఉంటుంది. రెండోది వెబ్‌సైటుకు వెళ్తుంది. సైటు దగ్గరున్న దానితో సంతకం సరైనదా కాదా అని సరిచూడవచ్చు గానీ కొత్త సంతకం చేయలేరు. సైటు డేటా మొత్తం దొంగిలించినా అతనికి దొరికేది ఆ పనికిరాని సగమే. 2009లో రాక్‌యూ అనే సైటు నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి. పాస్‌కీలైతే అలా దోచుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక లాగిన్ సంగతి. సైటు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న పంపుతుంది, అంటే మళ్లీ రాని ఒక గజిబిజి సంఖ్య. ఫోను యజమాని వేలిముద్రో, ముఖమో, స్క్రీన్ లాక్ పిన్నో అడుగుతుంది. సరిపోతే ఆ సంఖ్య మీద రహస్య సంఖ్యతో సంతకం చేసి పంపుతుంది. చాలామంది భయపడేది ఇక్కడే: మన వేలిముద్ర గూగుల్‌కో అమెజాన్‌కో వెళ్లిపోతుందా? వెళ్లదు. వేలిముద్ర ఫోనులోని బీరువా తెరవడానికే, అదీ ఫోనులోనే జరుగుతుంది. సైటుకు చేరేది సంతకం ఒక్కటే.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. ప్రతి పాస్‌కీ ఏ వెబ్ చిరునామా కోసం పుట్టిందో దానికే కట్టుబడి ఉంటుంది. లాగిన్ వేళ తాను ఏ చిరునామాలో ఉన్నదీ చూసేది మనిషి కన్ను కాదు, బ్రౌజరు. `cloudflare-okta.com` లాంటి పేజీ తెరుచుకుంటే బ్రౌజరు ఆ పేరుతో పాస్‌కీ ఉందేమోనని వెతుకుతుంది. ఉండదు. పేజీ ఎంత అందంగా ఉన్నా, లోగో ఎంత అచ్చుగుద్దినట్టున్నా, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటే పాస్‌కీ బయటికి రాదు. మోసగాడు అసలు సైటు నుంచి ప్రశ్న తెచ్చి దొంగ పేజీలో పెట్టినా చిరునామా కుదరదు కాబట్టి బ్రౌజరు ఒప్పుకోదు. ఓటీపీకి ఈ తెలివి లేదు. ఆరు అంకెలు ఎక్కడ కొడుతున్నామో వాటికేం తెలుసు? క్లౌడ్‌ఫ్లేర్ ముగ్గురు ఉద్యోగుల కథలో గట్టెక్కించింది ఇదే.

ఇప్పుడు రాజమండ్రిలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారిని ఊహించుకుందాం. ఆయనకు ఆండ్రాయిడ్ ఫోను, ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, ఒక జీమెయిల్ ఖాతా ఉన్నాయి. పాస్‌వర్డ్ డైరీ చివరి పేజీలో రాసి ఉంది. డల్లాస్‌లో ఉన్న కూతురు వీడియో కాల్‌లో చెప్తుంటే ఆయన తన ఫోనులో `g.co/passkeys` తెరిచారు. "అమ్మాయ్, ఇది మళ్లీ పాస్‌వర్డే అడుగుతోంది" అన్నారు. "ఈ ఒక్కసారికే నాన్నా, కొట్టండి" అంది కూతురు. తర్వాత `Create a passkey` నొక్కి, రోజూ ఫోను తెరిచినట్టే వేలు పెట్టారు. అయిపోయింది. ఆయన గుర్తుపెట్టుకోవాల్సింది ఏదీ లేదు.

తర్వాత ల్యాప్‌టాప్. దానిలో పాస్‌కీ లేకపోయినా ఫోనులో ఉన్నదాన్నే వాడుకోవచ్చు. లాగిన్ పేజీలో వేరే ఫోనులోని పాస్‌కీ వాడతానని ఎంచుకుంటే తెర మీద క్యూఆర్ కోడ్ వస్తుంది. ఫోను కెమెరాతో దాన్ని చూపించి వేలు పెడితే ల్యాప్‌టాప్‌లో మెయిల్ తెరుచుకుంటుంది. దీనికి రెండింట్లోనూ బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి, ఇంటర్నెట్టూ ఉండాలి. పని చేయకపోతే బ్లూటూత్ ఆపేసి ఉందేమో చూసుకోవాలి. అది ఉత్తపుణ్యానికి పెట్టిన నియమం కాదు. ఫోను ల్యాప్‌టాప్ పక్కనే ఉందని నిర్ధారించుకోవడానికి. లేకపోతే ఎక్కడో కూర్చున్న మోసగాడు తన ల్యాప్‌టాప్ మీది క్యూఆర్ కోడ్‌ను వాట్సాప్‌లో పంపి, స్కాన్ చేయండి మాస్టారూ అని నమ్మించగలడు.

ఫోను పోతే ఖాతా కూడా పోయినట్టేనా అని మాస్టారికి వచ్చిన అనుమానం అందరికీ వస్తుంది. ఆండ్రాయిడ్‌లో పాస్‌కీలు గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో, ఐఫోనులో ఐక్లౌడ్ కీచైన్‌లో గూఢలిపిలో భద్రమవుతాయి. కొత్త ఫోనులో అదే ఖాతాతో లాగిన్ అయి, పాత ఫోను స్క్రీన్ లాక్ వివరం ఇస్తే తిరిగి వస్తాయి. అందుకే ఆ పిన్ను మరిచిపోకూడదు. ఇంట్లో ఒకరికి ఐఫోను, ఇంకొకరికి ఆండ్రాయిడ్ ఉండి ఒకే ఖాతా వాడుకుంటే దేనికది విడిగా పాస్‌కీ చేసుకోవడం తేలిక. చాలా సైట్లలో ఒక ఖాతాకు ఒకటికంటే ఎక్కువ పెట్టుకోవచ్చు.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, పాస్‌కీ పెట్టుకున్నంత మాత్రాన పాస్‌వర్డ్ మాయం కాదు. చాలా సైట్లు పాత పాస్‌వర్డును, ఎస్సెమ్మెస్ ఓటీపీని పక్కదారిగా ఉంచుతున్నాయి. దొంగ పేజీ ఈ పక్కదారినే పట్టుకుంటుంది. పాస్‌కీ ఇప్పుడు పనిచేయడం లేదు, పాస్‌వర్డ్ కొట్టండి అంటుంది. రోజూ వేలు పెట్టి వెళ్లే చోట హఠాత్తుగా పాస్‌వర్డ్ అడిగితే ముందు అనుమానించాల్సింది ఆ పేజీనే. మైక్రోసాఫ్ట్ ఖాతాలో పాస్‌వర్డును పూర్తిగా తీసేసే వీలుంది. అలాంటి వీలు లేనిచోట కనీసం పాత పాస్‌వర్డును పొడవైనదిగా, వేరే ఎక్కడా వాడనిదిగా మార్చుకోవాలి. మాస్టారి డైరీలో చివరి పేజీ చింపేయాల్సింది అప్పుడే.

రెండో చిక్కు మన ఇళ్లలోనే ఉంది. ఫోను పిన్ను ఇంటిల్లిపాదికీ తెలిసే ఉంటుంది. మనవడు గేమ్ ఆడుకోవడానికి తాత ఫోను తెరుస్తాడు. ఆ పిన్ను తెలిసినవాళ్లు ఆ ఫోనులోని పాస్‌కీలన్నీ వాడగలరు. స్క్రీన్ లాక్‌కు ఇంతకుముందు లేనంత విలువ వచ్చిందన్నమాట. నెట్ సెంటరులో, ఆఫీసులో పదిమంది వాడే కంప్యూటరులో పాస్‌కీ సృష్టించమని అడిగితే వద్దనాలి. అక్కడ అవసరమైతే సొంత ఫోనుతో క్యూఆర్ కోడ్ పద్ధతే వాడాలి.

మరొకటి కూడా చెప్పుకోవాలి. పోలీసులమంటూ వీడియో కాల్ చేసి, డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి డబ్బు పంపించుకునే ముఠాలను పాస్‌కీ ఏమీ చేయలేదు. అక్కడ ఖాతా తెరిచేదీ, డబ్బు పంపేదీ ఖాతాదారుడే. యూపీఐ పిన్ను వేరు, పాస్‌కీ వేరు. అలాగే ల్యాప్‌టాప్‌లోకి వైరస్ దూరి, అప్పటికే లాగిన్ అయి ఉన్న బ్రౌజరు నుంచి ఆ లాగిన్ గుర్తులను ఎత్తుకుపోతే పాస్‌కీ అడ్డుపడదు. పాస్‌కీ కాపలా కాసేది గుమ్మం దగ్గర మాత్రమే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే మెయిల్ ఖాతాతో. మిగతా సైట్లలో పాస్‌వర్డ్ మరిచిపోతే కొత్తది పంపేది దానికే కాబట్టి. తర్వాత వాట్సాప్. సెట్టింగ్స్‌లో `Account`, అందులో `Passkeys` అని ఉంటుంది. ఒకవేళ ఫోను పోతే, వేరే పరికరం నుంచి గూగుల్ ఖాతాలోని `Passkeys and security keys` పేజీ తెరిస్తే పాస్‌కీల జాబితా, ఏది చివరిసారి ఎప్పుడు వాడారన్నదీ కనిపిస్తాయి. పోయిన ఫోనుకు చెందినదాన్ని అక్కడే తీసేయవచ్చు. తీసేసిన క్షణం నుంచి ఆ ఫోనులోని రహస్య సంఖ్యతో ఆ ఖాతా తెరుచుకోదు.