మారథాన్‌కు ముందు రోజు: పిండిపదార్థాల లెక్క

మారథాన్ దూరం 42.195 కి.మీ. కండరాలలోని గ్లైకోజన్ నిల్వ సాధారణంగా అంత దూరానికి చాలదు. అందుకే ముందు రోజు ప్రతి కిలో శరీర బరువుకు 10–12 గ్రాముల పిండిపదార్థాలు తీసుకోవాలి.

ఉదాహరణ: సికింద్రాబాద్‌కు చెందిన 60 కిలోల రన్నర్‌కు కనీసం 60 × 10 = 600 గ్రాములు కావాలి. 8 ఇడ్లీలతో సుమారు 90, 400 గ్రాముల బియ్యం వండిన అన్నంతో 310, 4 అరటిపండ్లతో 100, రోజంతా తాగే నిమ్మరసంలో కలిపిన 100 గ్రాముల పంచదారతో మరో 100 గ్రాములు వస్తాయి. దీనిని ఒకే పూట కాక, రోజంతా విభజించి తినాలి.

అన్నానికి బదులు బిర్యానీ తింటే నూనె, మాంసంతోనే కడుపు నిండి ఈ లెక్క చేరదు. పప్పు, ఆకుకూరలు తగ్గిస్తే పరుగులో కడుపు బరువుగా ఉండదు.

గ్రాము గ్లైకోజన్‌తో సుమారు 3 గ్రాముల నీరు నిల్వ అవుతుంది. కాబట్టి మర్నాడు బరువు కిలో వరకు పెరిగితే అది కొవ్వు కాదు. మధుమేహం ఉన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ పద్ధతి పాటించరాదు.