గెలిచాక వినిపించే దుఃఖం

సినిమాకి రీరికార్డింగ్ చేసే సంగీత దర్శకుడి ముందు ఎడిటింగ్ పూర్తయిన రీలు ఉంటుంది. హీరో ఏ క్షణంలో తలుపు తీస్తాడో ఆయనకి ముందే తెలుసు. వీడియో గేమ్‌కి సంగీతం కట్టేవాళ్లకి ఆ వీలు లేదు. ఆడే మనిషి మూడు సెకన్లలో తలుపు తీసెయ్యొచ్చు, లేదా అరగంట అక్కడే తచ్చాడొచ్చు. కాబట్టి గేమ్ సంగీతం ఆటగాడిని కనిపెట్టుకుని ఉండాలి.

1978లో జపాన్‌లో తోమొహిరో నిషికాడో తయారుచేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో వినిపించేవి నాలుగే నాలుగు మంద్ర స్వరాలు, పైనుంచి కిందికి దిగుతూ, మళ్లీ మళ్లీ. తెరమీద 55 మంది శత్రువులు ఉన్నప్పుడు అవి నింపాదిగా మోగుతాయి. ఒక్కొక్కరిని కాల్చేకొద్దీ మిగిలినవాళ్ల నడకతోపాటు స్వరాల జోరూ పెరుగుతుంది. చివరికి మిగిలిన ఒక్కడు తెర అంచు నుంచి అంచుకి పరిగెడుతుంటే ఆ నాలుగు స్వరాలూ దడదడలాడే గుండెలా ఉంటాయి. బాణీ మారలేదు, మారింది వేగం ఒక్కటే. అయినా చేతులు చెమటలు పడతాయి.

ఇప్పటి గేముల్లో ఎక్కువగా కనిపించే పద్ధతులు రెండు. ఒకే తాళంలో తీగవాద్యాలు, డప్పులు, బాకాలు విడివిడిగా రికార్డు చేసి, ప్రమాదం దగ్గరయ్యేకొద్దీ ఒక్కో పొరనీ పైకి తేవడం మొదటిది. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి, ఆవర్తం పూర్తయ్యేదాకా ఆగి, అతుకు తెలియకుండా దాటడం రెండోది. ఇవి గాడి తప్పితే చెవికి ఇట్టే తెలిసిపోతుంది. శత్రువు చచ్చి పడున్నా యుద్ధ వాద్యం మోగుతూనే ఉంటుంది. లేదా ఎవరూ కనిపించకముందే డప్పు మొదలై, మూల మీద ఎవరో పొంచి ఉన్నారని చెప్పేస్తుంది. అలా రెండుసార్లు జరిగితే ఆటగాడు భయపడటం మానేసి డప్పు కోసం చూడటం మొదలుపెడతాడు.

ఈ విద్యని నాకు తెలిసినంతలో అందరికంటే నిగ్రహంగా వాడిన గేమ్ 2005లో ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’. దర్శకుడు ఫుమితో ఉయెదా, సంగీతం కో ఓతాని. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి ఒక యువకుడు నిర్జన దేశంలో పదహారు మంది మహాకాయుల్ని చంపాలి. కథ అంతే.

గుర్రమెక్కి బయల్దేరాక సంగీతం ఉండదు. గాలి, డెక్కల చప్పుడు, గుర్రాన్ని పిలిచే యువకుడి గొంతు, అంతే. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు దారి చూపిస్తుంది, అటు వెళ్లాలి. నిమిషాల తరబడి ఇదే. హడావిడిగా ఆడేవాళ్లకి విసుగనిపించొచ్చు. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఈ నిశ్శబ్దం ఎందుకో తెలుస్తుంది. చెవి ఖాళీ అయి, చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడే స్థితికి వస్తుంది. తొలి మహాకాయుడు గద పట్టుకుని ఎదురైనప్పుడు నేల అదిరే అడుగుల చప్పుడు అంత బరువుగా తాకడానికి కారణం అంతకుముందు ఏమీ వినకపోవడమే.

అప్పుడు వాద్యబృందం మొదలవుతుంది, దిగులుగా, బెదురుగా. కాలి బొచ్చు పట్టుకుని పైకి పాకుతూ ఉండగా అదే పోరాటంలో సంగీతం మారిపోతుంది. తీగవాద్యాలు, బాకాలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. యువకుడి పట్టు ఎంతసేపు నిలుస్తుందో చూపే గుండ్రటి గుర్తు తెరమీద చిన్నదవుతుంటుంది. వాడు విదిలిస్తే మనం గాల్లో వేలాడతాం. అయినా ఆ సంగీతం గెలుస్తావని చెవిలో చెబుతుంటే చెయ్యి వదలబుద్ధి కాదు. నెత్తి మీద మెరిసే గుర్తు దాకా చేరి, కత్తి ఎత్తి, బలమంతా కూడగట్టుకుని పొడుస్తాం. వాడు మూలుగుతాడు. మళ్లీ పొడుస్తాం.

వాడు కూలడం మొదలవగానే ఆ ఉత్సాహమంతా తెగిపోతుంది. గెలుపు బాకా ఉండదు. మెల్లగా, విషాదంగా ఒక బాణీ వస్తుంది. అంతటి శరీరం ఒరిగిపోతుంటే ఆడేవాడి చేతిలో చెయ్యడానికి ఏమీ ఉండదు, చూస్తూ వినడమే. ఇందాక పొడవమని తొందరపెట్టిన సంగీతమే ఇప్పుడు చచ్చినవాడి వైపు నిలబడింది. అప్పుడు గుర్తొస్తుంది, వాడు తన దారిన తాను తిరుగుతుంటే వెళ్లి మీద పడ్డది మనమేనని.

మా తమ్ముడు మొదటిసారి ఆడినప్పుడు పక్కనే కూర్చున్నాను. పొడిచిన జోరులో లేచి నిలబడ్డవాడు, ఆ బాణీ రాగానే కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. “గెలిచాం కదన్నా, మరెందుకిలా మోగుతోంది?” అన్నాడు. జవాబు చెప్పలేదు. ఇంకా పదిహేను మంది ఉన్నారు.